మనాంగ్ దెలింగ్ రాసిన అల్టిమేట్ల లెక్క

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో, హారో పేట మార్కెట్ వెనక, మందుల దుకాణం మీద మా కంప్యూటర్ షాపు ఉండేది. దాని కౌంటర్‌లో కూర్చునే మనిషి పేరు ఎదెలినా నోబ్లెజాడా. వయసు నలభై ఏడు. మేమంతా మనాంగ్ దెలింగ్ అనేవాళ్లం. మనాంగ్ అంటే అక్క అనే గానీ, మా నోట్లో ఆ మాటకి అక్క మీద ఉండాల్సిన ప్రేమ ఏ కోశానా ఉండేది కాదు. డబ్బు కట్టిన గంట అయిపోతే ఆట మధ్యలో ఉన్నా స్క్రీన్ కట్టేసేది. ఒక్క నిమిషం ఆగమని బతిమాలితే, ఆ నిమిషం సంగతి గంట మొదట్లో గుర్తుండాల్సింది అనేది. పలకరింపుగా నవ్వడం ఆమెకు తెలియదు. ఆమెను చూసి నవ్వడం మాకు బాగా తెలుసు.

అంతకు ముందు పంతొమ్మిదేళ్లు ఆమె బస్తీ బాస్కెట్‌బాల్ పోటీల్లో స్కోరు బల్ల దగ్గర కూర్చుంది. ఎవడు ఎన్ని ఫౌళ్లు చేశాడు, ఏ జట్టుకి ఎన్ని టైమవుట్లు మిగిలాయి, అంతా కార్బన్ పెట్టి రెండు కాగితాల మీద రాసేది. ఒక ఏడు ఫియెస్తా అనే ఊరి పండగ ఫైనల్లో కౌన్సిలర్ మేనల్లుడికి ఐదో ఫౌల్ పడింది. ఐదు పడితే బయటికి వెళ్లాలి. నాలుగే అని కౌన్సిలర్ బల్ల మీదికి వచ్చాడు. ఈమె కాగితం తిప్పి చూపించింది. జనం ఐసునీళ్ల గ్లాసులు విసిరారు. మేనల్లుడు బయటికి వెళ్లాడు, మరుసటి ఏడు ఈమె కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఈ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పెదనాన్న కొడుకు, షాపు యజమాని ప్లాసిదో, చెప్పాడు.

మేం ఐదుగురం షాపు తరఫున కంప్యూటర్ ఆటల లీగ్ ఆడేవాళ్లం. కెప్టెన్ రెనాన్. ఇరవై మూడేళ్లు, చెయ్యి మెరుపు, నోరు విషం. నా పేరు లెమ్యుయెల్. నర్సింగ్ మధ్యలో మానేసి, ఆటలో కూడా వైద్యం చేసే పాత్రే ఆడేవాణ్ణి. ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఇందులో అందరికీ ఒకే తుపాకీ ఉండదు. ముప్పై పైచిలుకు పాత్రలున్నాయి, ఒక్కొక్కరి విద్య వేరు. జట్టులో ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు ఒకడు, చంపేవాళ్లు ఇద్దరు, వైద్యం చేసేవాళ్లు ఇద్దరు. మాలో చంపేవాళ్లు రెనాన్, ఆర్నీ. ప్రతి పాత్రకీ ఒక పెద్ద విద్య ఉంటుంది. దాన్ని అల్టిమేట్ అంటారు. అది ఊరికే రాదు. దెబ్బ కొట్టినా, వైద్యం చేసినా కొంచెం కొంచెం నిండుతుంది. నిండాక ఒకసారి వాడితే ఖాళీ అవుతుంది, మళ్లీ మొదటి నుంచి నింపుకోవాలి. వాడేటప్పుడు ఆ పాత్ర ఒక కేక పెడుతుంది. అది అందరికీ వినపడుతుంది. అవతలివాడిది ఎంత నిండిందో మాత్రం మనకు తెర మీద కనపడదు.

ఆ ఏడు మోలో పేట షాపు జట్టు చేతిలో మేం వరసగా మూడుసార్లు ఓడిపోయాం. మూడోసారి మా షాపులోనే ఓడాం. ఓడిన వేడిలో ఒకరినొకరు తిట్టుకుంటుంటే మనాంగ్ దెలింగ్ కౌంటర్ దిగి మా వెనకకి వచ్చింది. కాడ విరిగిన కళ్లజోడు, చేతిలో పాత స్కోరు కాగితం.

"ఆ ఎగిరేవాడు వాన కురిపిస్తున్నాడే, అది నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ మీకు ముందే తెలియాలి," అంది.

రెనాన్ తల తిప్పలేదు. "మనాంగ్, మీకు ఎగిరేవాడి పేరన్నా తెలుసా?"

"పేరెందుకు. గాలిపటం అనుకో. పైనుంచి రాకెట్లు వేస్తున్నాడు. మీలో వాణ్ణి అందుకోగలిగేవాడు ఒక్కడూ లేడు. నువ్వేమో దోమలా వెనకనుంచి వెళ్లి కుడతావు, ఆర్నీ కత్తి పట్టుకుని తిరుగుతాడు. ఆకాశంలో ఉన్నవాణ్ణి కత్తితో ఎట్లా పొడుస్తారు?"

"ఫొటోకాపీలు ఎవరో అడుగుతున్నారు, చూసుకోండి," అన్నాడు రెనాన్. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆమెకు అభిమానం ఎక్కువ. కక్ష అంతకంటే ఎక్కువ. మరునాటి నుంచి పొద్దున షాపు తెరవగానే ఖాళీ కంప్యూటర్లో తనే ఆడటం మొదలుపెట్టింది. ఎంత ఘోరంగా ఆడేదంటే, ముక్కూ మొహం తెలియని సొంత జట్టువాళ్లు ఆమెను బూతులు తిట్టేవాళ్లు. ఆమె ఆ తిట్లు చదివి, కింద రాసుకునేది: ఏ పాత్ర చేతిలో చచ్చాను, ఆ పాత్ర ఎవరి చేతిలో చచ్చింది. రెండు నెలల్లో ఆమె గురి ఏమీ బాగుపడలేదు. పుస్తకం మాత్రం నిండింది. పాత్రల ఇంగ్లీషు పేర్లు నోరు తిరక్క అన్నింటికీ తన పేర్లు పెట్టుకుంది. పెద్ద డాలు పట్టుకునేవాడు తలుపు. శత్రువులందరినీ ఒక్కచోటికి లాగే సుడి ఉన్నవాడు పీత. నేను ఆడే పాత్ర లాంతరు. దాని అల్టిమేట్ ఒక వెలుగు, ఆరు సెకన్లపాటు అందులో నిలబడ్డవాళ్లు చావరు. గురి పెట్టిన చోట ఆ క్షణమే తగిలే తుపాకీ ఉన్నవాడు సిపాయి. గాలిపటానికి సిపాయి అంటే దడ. సిపాయికి దోమ అంటే దడ. దోమ కాస్త గుంపుగా నిలబడ్డవాళ్ల దగ్గరికి వెళ్తే తిరిగి రాదు. అందరి మీదా గెలిచేవాడు ఎవడూ లేడు, అందుకే ఆట మధ్యలో పాత్ర మార్చుకోనిస్తారు అని ఆమెకు అర్థమైంది. ఆ మాట రెనాన్‌కు నాలుగేళ్లుగా తెలుసు. తెలిసినా మార్చేవాడు కాదు. తన దోమ అంటే ఇలోయిలో అంతా పేరు మరి.

లీగులో ప్రతి జట్టుకీ ఒక కోచ్ వెనక కూర్చుని మైకులో మాట్లాడవచ్చు. మాకు కోచ్ లేడు. ప్లాసిదో ఒకనాడు వచ్చి, ఇకనుంచి దెలింగ్ మీ కోచ్, ఇష్టం లేకపోతే ప్రాక్టీసుకి వేరే షాపు వెతుక్కోండి అన్నాడు. వేరే షాపు లేదు. రెనాన్ ఆ సాయంత్రమే ఆమె గొంతు తన హెడ్‌ఫోనులో ఎట్లా ఆపుకోవాలో మా అందరికీ చూపించాడు. నేను పూర్తిగా ఆపలేదు, బాగా తగ్గించాను. నాకు అదే మర్యాద అనిపించింది.

ఆమె కూర్చున్న మొదటి పోటీ చిన్న జట్టుతో. దాంట్లోనూ ఓడిపోయాం. అయ్యాక ఆమె లేచి నిలబడి, అవతలి జట్టు ఇంకా వెళ్లకముందే, కాగితం చదవడం మొదలుపెట్టింది. మేం వాడిన అల్టిమేట్లు పద్నాలుగు. అందులో ఆరు, మనవాళ్లు ముగ్గురు చచ్చి, ఇక గెలవడం కుదరని కొట్లాటలో వాడినవి. ఆ ఆరూ దాచుకుని వెనక్కి వచ్చేసి ఉంటే తర్వాతి కొట్లాటలో చేతిలో ఉండేవి. మూడుసార్లు అవతలివాడు ఒక్కటి వాడితే మేం మూడు వాడాం. "ఆ ఆరింట్లో నాలుగు రెనాన్‌వి," అని ముగించింది.

రెనాన్ కాగితం లాక్కుని చింపాడు. ఆమె కింద ఉన్న కార్బన్ కాపీ తీసి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"నువ్వు ఎవరనుకుంటున్నావ్?" అన్నాడు రెనాన్. మీరు అనడం ఆ రోజుతో ఆగిపోయింది. "స్కోరు రాసేదానివి. నీ వల్ల ఎవడూ గెలవలేదు, ఎవడికీ పనికిరాలేదు, అక్కణ్ణుంచి కూడా తరిమేశారు."

ఆమె మొహం ఒక్కసారి రంగు మారింది. మరునాడు రెనాన్ గంట అయిపోకముందు, ఇంకా నాలుగు నిమిషాలు ఉండగా, అతని స్క్రీన్ ఆరిపోయింది. కరెంటు తీగ వదులైంది అంది. అంత కచ్చితమైన మనిషి అబద్ధం ఆడటం నేను చూసింది అదొక్కసారే.

మోలోతో నాలుగో పోటీ ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల షాపులో. ఇరుకు గది, వెనకంతా వాళ్ల జనం. మేం లోపలికి వస్తుంటే ఎవడో గ్లాసుతో బల్ల మీద కొడుతూ, హారోవాళ్లు అమ్మని తోడు తెచ్చుకున్నారని అరిచాడు. మనాంగ్ దెలింగ్ వాడివైపు చూడకుండా మా వెనక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం మీద నిలువు గీతలు గీసి, అవతలి ఐదుగురి పేర్లూ తన భాషలో రాసింది.

ఆ ఆటలో ఒక బండి ఉంటుంది. ఒక జట్టు తోస్తుంది, ఇంకో జట్టు ఆపుతుంది. తర్వాత వంతు మారుతుంది. ఎవరు ఎక్కువ దూరం తోస్తే వాళ్లది గెలుపు. మేం ముందు తోశాం, వంతెన దాటి కొంచెం దూరం వెళ్లి ఆగిపోయాం. ఇప్పుడు వాళ్ల వంతు. మొదట్లోనే గాలిపటం పైకి లేచి వాన కురిపించాడు. మాలో ముగ్గురు పడిపోయారు. తర్వాత కొట్లాటలోనూ వాడు ఆకాశం నుంచి దిగలేదు. రెనాన్ దోమ వాళ్ల వైద్యుణ్ణి ఒకసారి చంపింది, రెండుసార్లు తను చచ్చింది. బండి వంతెన వైపు వస్తూనే ఉంది.

రెండో కొట్లాటలో ఆర్నీ తన అల్టిమేట్ వాడి ఒకణ్ణి పడగొట్టి తనూ చచ్చాడు. అప్పుడు వెనకనుంచి ఆమె గొంతు వచ్చింది. "ఆర్నీ, ఇప్పుడు సిపాయికి మారు. పాత్ర మారిస్తే నిండింది పోతుంది, నీది ఇప్పుడే ఖాళీ అయింది. పోయేదేం లేదు. నిండాక మారితే నష్టం."

రెనాన్ మారవద్దన్నాడు. ఆర్నీ సిపాయికి మారాడు. ఆర్నీ ఆమె గొంతు ఆపుకోలేదని నాకు అప్పుడే తెలిసింది.

తేడా వెంటనే కనపడింది. గాలిపటం తల ఎత్తినప్పుడల్లా ఆర్నీ తుపాకీ మోగింది. వాడు ఇళ్ల కప్పుల వెనక నక్కాడు, ఒకసారి చచ్చాడు కూడా. వెనక జనం గోల తగ్గింది. మేం వంతెన దగ్గర వాళ్లను నిమిషం పైగా ఆపాం. మోలో వైద్యుడిదీ లాంతరు పాత్రే; అతను తన అల్టిమేట్ వాడగానే ఆమె, వెనక్కి రండి, అది అయ్యేదాకా కొట్టకండి, దండగ అంది. నలుగురం వెనక్కి వచ్చాం. రెనాన్ రాలేదు, చచ్చాడు. ఆ వెలుగు ఆరిపోయాక మేం నలుగురం వెళ్లి ఆ కొట్లాట గెలిచాం. రెనాన్ లేకుండా గెలిచాం. అతను కుర్చీలో అటూ ఇటూ కదలడం నా పక్కనే వినపడుతోంది.

ఇంకా నిమిషన్నర ఉంది. నేను హెడ్‌ఫోనులో ఆమె గొంతు పెంచుకున్నాను.

"టోటో లెమ్, విను," అంది. మా వైపు కుర్రాళ్లను అట్లాగే పిలుస్తారు, కానీ ఆమె నన్ను ఎన్నడూ అట్లా పిలవలేదు. "గాలిపటం వాన మొదట్లో వాడాడు. ఆ తర్వాత ఐదుసార్లు మనవాళ్లను చంపాడు. చచ్చినా నిండింది పోదు. వాడి దగ్గర వాన ఉంది, దాచుకున్నాడు. పీత సుడి కూడా నిండే ఉంటుంది. ముందు సుడి ఒక్కటే వేస్తారు. నీ లాంతరు వాడించడానికి. మన షాపులో ఆడినప్పుడూ ఇదే చేశారు. సుడికి లాంతరు ఇవ్వకు."

రెనాన్ వెంటనే అన్నాడు, "సుడి పడగానే లాంతరు వెయ్యి. నేను బండి మీద ఉంటాను."

"వెయ్యకు," అంది ఆమె.

నాలుగేళ్లుగా నేను రెనాన్ మాట విన్నాను. అతను వెయ్యమన్నప్పుడు వేశాను, చచ్చినప్పుడు తిట్లు తిన్నాను. పీత కేక వినపడింది. రెనాన్, మా తలుపు ఆడే జెర్విక్, ఇద్దరూ బండి దగ్గర సుడిలో చిక్కుకున్నారు. రెనాన్ నా పేరు పెట్టి అరిచాడు. నా వేలు మీట మీద ఉంది. గాలిపటం కేక కోసం విన్నాను. రాలేదు. నేను వేలు తీసేశాను.

ఇద్దరూ చచ్చారు. మిగిలిన ముగ్గురం వెనక్కి పరుగెత్తాం. బండి కదిలింది. మేం తోసి ఆగిన చోట ఉన్న గుర్తుకి ఎనిమిది మీటర్ల దూరం వరకు వచ్చింది. వెనక జనం లేచి నిలబడ్డారు. రెనాన్ ఆట మధ్యలోనే నావైపు తిరిగి అన్న మాటలు రాయను. నా తల్లి పేరు కూడా అందులో ఉంది.

మళ్లీ ఐదుగురం కలిసి వెళ్లేసరికి సమయం దాదాపు అయిపోయింది. ఇదే ఆఖరి కొట్లాట. బండి పక్కన అందరం ఒక్క గుంపుగా నిలబడాల్సి వచ్చింది, వేరే దారి లేదు. పైనుంచి గాలిపటం కేక వినపడింది. మనాంగ్ దెలింగ్ అనాల్సింది అంతకు ముందే అనేసింది. నేను లాంతరు వెలిగించాను. రాకెట్లు నేల మీద, బండి మీద, మా నెత్తిన పడ్డాయి. ఒక్కరూ చావలేదు. వాన కురిపించేటప్పుడు గాలిపటం గాలిలో కదలకుండా నిలబడాలి. ఆర్నీ తీరిగ్గా గురి చూసి వాణ్ణి పడగొట్టాడు. ఇక వాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. మిగతా నలుగుర్ని వంతెన మీదే చంపాం. బండి ఎనిమిది మీటర్ల దగ్గరే ఆగిపోయింది.

గెలిస్తే కౌగిలించుకుంటారు. మేం కౌగిలించుకోలేదు. రెనాన్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పడేసి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నన్ను ఎరగా వేసి గెలిచావ్."

"అవును," అంది మనాంగ్ దెలింగ్. "నువ్వు ఎట్లాగూ చచ్చేవాడివే. లాంతరు కూడా నీతో పోకుండా చూశాను."

ఇంకొకరైతే ఆ మాటని కొంచెం మెత్తగా చెప్పి ఉండేవారు. గెలిచిన రోజున, కెప్టెన్ అన్న గౌరవం కోసమైనా. ఆమెకు అది చేతకాదు. చేతనైనా చేసేది కాదేమో. ఆ తిరుగు ప్రయాణంలో జీపులో ఆరుగురం మోకాళ్లు తగిలేలా కూర్చున్నాం. హారోలో దిగాక ఆమె బాచోయ్ అనే నూడుల్స్ పులుసు అమ్మే కొట్టుకి ఒక్కతే వెళ్లింది. మమ్మల్ని పిలవలేదు. పిలిచినా నేను వెళ్లేవాణ్ణో లేదో.

నెల తిరక్కుండా రెనాన్ మోలో జట్టులో చేరాడు. జెర్విక్‌ను కూడా తీసుకుపోయాడు. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు, ఆట చేతకాని ముసల్ది జట్టును పాడుచేసిందని. మా దగ్గరికి కొత్తవాళ్లు వచ్చారు. ఆమె వాళ్లకు శనివారం పొద్దున్నే పాఠం చెప్పేది. పాఠం అంటే తిట్లే. ఇద్దరు వైద్యులూ ఒకేసారి అల్టిమేట్ వాడితే, ఇంట్లో ఒకేసారి రెండు అన్నాలు వండుతారా అనేది. అవతల ఎవరెవరు ఉన్నారో చూడకుండా ఇష్టమైన పాత్ర తీసుకుంటే స్క్రీన్ కట్టేసేది. ఒక పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోయి మళ్లీ రాలేదు. మిగిలినవాళ్లు నేర్చుకున్నారు, ఆమెను ద్వేషిస్తూనే. నా విషయానికొస్తే, ఆ మోలో పోటీ కాగితంలో నా పేరు కింద ఆమె రాసింది తర్వాత చూశాను. లాంతర్లు నాలుగు, సరైనది ఒకటి. అంతే. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అది తెలిసినట్టు కూడా లేదు.

మరుసటి ఏడు మళ్లీ మోలోతో, ఈసారి మా షాపులో. రెనాన్ లోపలికి వచ్చి కౌంటర్‌లో ఉన్న ఆమెను చూడనట్టే పక్కనుంచి వెళ్లాడు. ఆటలో మొదట దోమతోనే దిగాడు. మేం దోమను చంపే పాత్రలతో సిద్ధంగా ఉన్నాం, అతని పొగరు మాకు తెలుసు కాబట్టి. రెండుసార్లు చంపాం. మూడోసారి అతను దోమగా రాలేదు. తన అల్టిమేట్ వాడేసి, ఖాళీ అయ్యాక, సిపాయిగా మారి వచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మనాంగ్ దెలింగ్ పెన్ను ఆగింది.

ఆ తర్వాత వాళ్లు మా చేత లాంతరు వాడించారు. నేనే, సుడి కూడా కాని ఒక చిన్న దెబ్బకి భయపడి వాడాను. రెనాన్ ఆ నిమిషం లెక్కపెట్టుకున్నాడని తర్వాత అర్థమైంది. సరిగ్గా నా దగ్గర ఏమీ లేనప్పుడు వాళ్లు అన్నీ కలిపి వేశారు. బండి మా గుర్తు దాటి వెళ్లిపోయింది. మేం ఓడిపోయాం.

వెళ్తూ వెళ్తూ రెనాన్ కౌంటర్ దగ్గర ఆగాడు. గెలిచిన నవ్వు మొహాన ఉంది. "ఏం మనాంగ్, ఈసారి నావి ఎన్ని దండగయ్యాయి?"

ఆమె కాగితం వంక చూసింది. అబద్ధం చెప్పే వీలు ఉంది, మా అందరికీ అదే కావాలి. "ఒక్కటి కూడా లేదు," అంది.

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. కృతజ్ఞత లాంటిదేమీ అతని మొహంలో నాకు కనపడలేదు, ఆమె ఎదురుచూసినట్టూ లేదు. ఆమె నావైపు తిరిగింది.

"ఆ లాంతరు ఎందుకు వేశావో చెప్పు," అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నన్ను సగంలోనే ఆపి, తప్పు అంది.